అరబిక్‌లోకి మారిస్తే పెరుగుతుందా, తగ్గుతుందా? పోస్టర్ మీద, లేబుల్ మీద చోటు లెక్క

ఇంగ్లీష్ లేబుల్‌ను అరబిక్‌లోకి మార్పించినప్పుడు ముగ్గురు మూడు మాటలు చెబుతారు. అనువాదం చేసినవాళ్ళు పదాలు తగ్గాయంటారు. పని తెచ్చిన ఏజెన్సీ వాళ్ళు ఇరవై, ఇరవై ఐదు శాతం చోటు అదనంగా ఉంచుకోమంటారు. చివరికి పేజీ కట్టే డిజైనర్ మాత్రం అడ్డంగా చోటు మిగిలిందనీ, నిలువుగా చాలడం లేదనీ తల పట్టుకుంటారు. నిజానికి ముగ్గురూ తప్పు చెప్పడం లేదు. ఒకరు పదాలు లెక్కపెట్టారు, ఒకరు పాత అనుభవంతో విస్తీర్ణం అంచనా వేశారు, ఇంకొకరు స్కేలు పెట్టి ఎత్తు కొలిచారు. ఈ మూడు కొలతలూ ఒకే దిశలో నడవవు. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు పదాల సంగతి. అరబిక్‌లో 'మరియు', 'కోసం', 'తో' లాంటి చిన్న మాటలు విడిగా నిలబడవు. పక్క పదానికి ముందు అతుక్కుంటాయి. 'వాళ్ళ', 'మీ' లాంటివి వెనక అతుక్కుంటాయి. ఇంగ్లీష్‌లో 'అండ్ ఫర్ దెయిర్ హౌస్' అని నాలుగు పదాల్లో, 16 అక్షరాల్లో రాసేది అరబిక్‌లో 'వలిబైతిహిమ్' అనే ఒకే పదం. దాన్ని ఏడు అక్షరాలతో రాస్తారు. 'వాళ్ళింటికీ' అని ఒకే మాటగా రాసుకునే మనకు ఇది వింతేమీ కాదు.

ఏడు అక్షరాలతో ఎలా సరిపోయిందంటే, అరబిక్‌లో హ్రస్వాచ్చులు మామూలుగా రాయరు. చదివేవాళ్ళు సందర్భాన్ని బట్టి వేసుకుంటారు. ఉప్పును 'మిల్హ్' అంటారు, రాసేది మూడు అక్షరాలు. చక్కెర 'సుక్కర్', అదీ మూడే. నీళ్ళు 'మా', అదీ మూడే. ఇంగ్లీష్‌లో ఇవే మాటలు వరుసగా నాలుగు, ఐదు, ఐదు అక్షరాలు. సొంత పదాలతో నిండిన వాక్యం అందుకే కుదించుకుపోతుంది. 'స్టోర్ ఇన్ ఎ కూల్, డ్రై ప్లేస్' అన్న సూచన ఇంగ్లీష్‌లో ఖాళీలతో కలిపి 26 అక్షర స్థానాలు తీసుకుంటే, అరబిక్‌లో అదే మాట 22లో అయిపోతుంది.

ఇంతవరకే చూసి "అరబిక్ చిన్నది" అని తీర్మానించుకుంటే లేబుల్ దెబ్బతింటుంది. ఎందుకంటే లేబుల్ మీద ఉండేవి ఎక్కువగా వాక్యాలు కావు.

మూడు అక్షరాలు పద్నాలుగు అయ్యే చోటు

ఏ డబ్బా అయినా తిప్పి చూడండి. గడువు తేదీ దగ్గర ఇంగ్లీష్‌లో మూడే అక్షరాలు ఉంటాయి: EXP. ఇంగ్లీష్ ఇక్కడ ఒక దొడ్డిదారి వాడుకుంటోంది. పెద్ద పదాన్ని నరికి, పెద్ద బడి అక్షరాల్లో రాసి, చుట్టూ చుక్కలు కూడా పెట్టకుండా వదిలేస్తుంది. అరబిక్‌లో అలా పదాల్ని నరికే అలవాటు చాలా తక్కువ. పెద్ద బడి, చిన్న బడి అనే తేడా అసలు లేదు కాబట్టి, నరికిన ముక్క 'ఇది సంక్షిప్తరూపం' అని కంటికి చెప్పదు, తప్పుగా రాసిన పదంలా కనిపిస్తుంది. అందుకని పూర్తిగా 'తారీఖ్ అల్-ఇంతిహా' అని రాయాల్సిందే. ఖాళీతో కలిపి 14 స్థానాలు. తయారీ తేదీకి వాడే MFG కూడా అంతే, 'తారీఖ్ అల్-ఇంతాజ్' అయ్యేసరికి మూడు కాస్తా 13 అవుతుంది. ఇంగ్లీష్‌కి సరిపడా గీసిన చిన్న గడిలో ఇవి పట్టవు. పట్టించాలని అక్షరం సైజు తగ్గిస్తే, లేబుల్ మొత్తంలో జనం వెతుక్కుని చదివే ఆ ఒక్క ముక్కే చదవరాకుండా పోతుంది.

డబ్బా ముందు వైపు మెరిసే ప్రకటనలదీ ఇదే కథ. 'షుగర్ ఫ్రీ', 'గ్లూటెన్ ఫ్రీ' అని ఇంగ్లీష్ రెండు నామవాచకాలో విశేషణాలో పక్కపక్కన పేర్చి ఊరుకుంటుంది. అరబిక్‌లో మధ్య బంధం తెగకూడదు. 'చక్కెర నుంచి ఖాళీగా ఉన్నది' అన్న అర్థంలో 'ఖాలిన్ మిన్ అస్సుక్కర్' అని మూడు పదాలు రాస్తారు. గ్లూటెన్‌కి వచ్చేసరికి 11 స్థానాలు 15 అవుతాయి. పైగా గ్లూటెన్, గ్లుటామేట్ లాంటివి బయటి భాషల నుంచి వచ్చిన పేర్లు. వాటిని చదివేవాళ్ళు సందర్భం బట్టి ఊహించలేరు కాబట్టి అచ్చుల్ని కూడా దీర్ఘాలుగా రాసేస్తారు. హ్రస్వాచ్చులు వదిలేయడం వల్ల వచ్చే ఆదా అక్కడ ఆవిరైపోతుంది. ఒకే లేబుల్‌లో ఉప్పు, నీళ్ళు, పిండి ఉన్న లైను కుంచించుకుపోయి, రంగులు, నిల్వ పదార్థాల పేర్లున్న లైను సాగిపోవడానికి కారణం ఇదే.

ఈ చిన్న ముక్కల బెడద అరబిక్‌కి మాత్రమే ఉన్నది కాదు. ఇంగ్లీష్ నుంచి యూరప్ భాషల్లోకి వెళ్ళినప్పుడు ఎంత పెరుగుతుందో ఐబీఎం ఒకప్పుడు ఇచ్చిన అంచనా పట్టికను వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ ఇప్పటికీ ఉటంకిస్తుంది. అందులో పది అక్షరాల లోపు ముక్కలు రెండు మూడు రెట్లు కావచ్చనీ, 70 అక్షరాలు దాటిన పాఠానికి మాత్రం 130 శాతం చోటు చాలనీ ఉంటుంది. అంటే ముక్క ఎంత చిన్నదైతే ప్రమాదం అంత పెద్దది. అరబిక్‌కి ఆ అంకెలను యథాతథంగా వాడకూడదు గానీ, ఆ వాలు మాత్రం ఇక్కడా అదే.

అడ్డంగా మిగిలింది, నిలువుగా పోయింది

ఇప్పుడు డిజైనర్ గోడు విందాం. నా మటుకు అసలు విషయం ఇదే, మిగతాదంతా దీనికి ముందుమాట.

అరబిక్ అక్షరం పదంలో ఎక్కడ ఉందన్న దాన్ని బట్టి రూపం మార్చుకుంటుంది. బ, త, న, య లాంటివి పదం మధ్యలో ఉంటే గీత మీద లేచిన ఒక చిన్న పన్ను మాత్రమే. ఏ అక్షరమో చెప్పేది దాని పైనో కిందో ఉన్న చుక్కలు. అదే అక్షరం ఒంటరిగా నిలబడితే పడవలా వెడల్పుగా పరుచుకుంటుంది. కలిపి రాసినప్పుడు అక్షరాలు ఒకదానికొకటి దగ్గరగా జరుగుతాయి కాబట్టి, ఒకే పాయింట్ సైజులో అరబిక్ లైను తరచుగా ఇంగ్లీష్ లైను కంటే పొట్టిగా వస్తుంది.

కానీ పాయింట్ సైజు ఒకటే అయితే కంటికి కనిపించే సైజు ఒకటి కాదు. ఇంగ్లీష్‌లో చిన్న బడి x అక్షరం ఎంత ఎత్తుంటుందో దాన్ని బట్టే పాఠం పెద్దదో చిన్నదో అనిపిస్తుంది. అరబిక్‌లో ఆ పాత్ర పోషించేది పన్ను ఎత్తు. అరబిక్ అచ్చులో మామూలుగా కనిపించే రాత శైలి నస్ఖ్. చాలా సంప్రదాయ నస్ఖ్ ఫాంట్లలో పన్ను బాగా పొట్టి. పైకి లేచే అలిఫ్, లామ్ నిలువు గీతలకూ, కిందికి దిగే జీమ్, ఐన్, యా గిన్నెలకూ చోటు కావాలి కాబట్టి నడుమ భాగానికి మిగిలేది కొంచెమే. 7 పాయింట్ ఇంగ్లీష్ పక్కన 7 పాయింట్ నస్ఖ్ పెడితే అరబిక్ నలిగినట్టు కనిపిస్తుంది. దాన్ని సమానంగా కనిపించేలా చేయాలంటే ఫాంట్‌ను బట్టి పది నుంచి పాతిక శాతం దాకా పెంచాల్సి వస్తుంది. అడ్డంగా ఆదా అయినదంతా అక్కడ ఖర్చయిపోతుంది.

ఆ తర్వాత లైన్ల మధ్య దూరం. పై లైనులో జీమ్ గిన్నె కిందికి వేలాడుతుంది, కింది లైనులో లామ్ పైకి లేస్తుంది, మధ్యలో చుక్కలు, ఎక్కడో ఒక ద్విత్వం గుర్తు. తెలుగులో ఒత్తులు, గుడిదీర్ఘాలు ఢీకొట్టుకునే సంగతి తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఇంగ్లీష్‌కి పాయింట్ సైజు మీద పదిహేను శాతం ఎక్కువ దూరం ఇస్తే సరిపోయే చోట, ఇలాంటి నస్ఖ్‌కి నలభై, యాభై శాతం ఎక్కువ కావాల్సి రావచ్చు.

దీన్ని ఒక ఊహా లేబుల్ మీద లెక్కేద్దాం. వెనక ప్యానెల్ 90 మి.మీ. వెడల్పు, 42 మి.మీ. ఎత్తు. మధ్యలో 6 మి.మీ. వదిలి, ఎడమ వైపు ఇంగ్లీష్‌కి 42, కుడి వైపు అరబిక్‌కి 42 మి.మీ. చొప్పున సమంగా పంచారు. ఇంగ్లీష్ 7 పాయింట్లు, లైనుకి లైనుకి మధ్య 8 పాయింట్లు, అంటే 2.82 మి.మీ. పాఠం 12 లైన్లు వచ్చింది. ఎత్తు దాదాపు 34 మి.మీ. హాయిగా పట్టింది.

అరబిక్ అనువాదం వచ్చింది. అదే 7 పాయింట్లలో పోస్తే అడ్డంగా పది శాతం తక్కువ, 11 లైన్లలో అయిపోయింది. ఇక్కడ అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ప్రింటు తీసి చూస్తే అక్షరం చీమంత, పైగా గిన్నెలు కింది లైను చుక్కల్ని తాకుతున్నాయి. సరే అని 8.5 పాయింట్లకి పెంచారు. లైన్లు 13 దాటి పద్నాలుగోదానిలోకి పోయాయి. లైను దూరం 8.5కి 1.45 రెట్లు, అంటే 12.3 పాయింట్లు, 4.3 మి.మీ. పద్నాలుగు లైన్లకి దాదాపు 61 మి.మీ. అయింది. ఉన్నది 42. పదాలు తగ్గిన అనువాదం ప్యానెల్‌ను దాటి సగం మేర బయటికి వచ్చేసింది.

దీనికి మందు సైజు తగ్గించడం కాదు, ఫాంట్ మార్చడం. పన్ను ఎత్తుగా, నిలువు గీతలు పొట్టిగా, గిన్నెలు లోతు లేకుండా గీసిన ఆధునిక నస్ఖ్ ఫాంట్లు ఉన్నాయి. వార్తాపత్రికల అవసరాల కోసం ఇరవయ్యో శతాబ్దం మధ్య నుంచే ఈ సరళీకరణ జరుగుతూ వచ్చింది. లైనోటైప్ యాకూత్ ఆ కోవకి చెందినదే. మన లేబుల్‌కి అలాంటిదొకటి 7.5 పాయింట్లలో తీసుకుందాం. లైను దూరం 1.25 రెట్లు చాలనుకుంటే 9.4 పాయింట్లు, అంటే 3.3 మి.మీ. ఈ ఫాంట్లో అక్షరాలు కొంచెం వెడల్పు కాబట్టి అడ్డం ఆదా పది కాదు, ఐదు శాతమే అనుకుందాం. అప్పుడు లైన్లు 12 దాటి పదమూడులోకి వస్తాయి, ఎత్తు 43 మి.మీ. ఇంకా ఒక్క మిల్లీమీటరు ఎక్కువే. ఇప్పుడు ప్యానెల్‌ను సమంగా పంచాలన్న పట్టుదల వదిలి, అరబిక్‌కి 45, ఇంగ్లీష్‌కి 39 మి.మీ. ఇస్తే, అరబిక్ 12 లైన్లలో 40 మి.మీ. లోపు కూర్చుంటుంది. ఇంగ్లీష్ ఒక లైను పెరిగి 37 మి.మీ. దగ్గర ఆగుతుంది. రెండూ పట్టాయి. మిగిలిన రెండు మిల్లీమీటర్లను ఏ లోగోకో ఇచ్చేయకండి. చివరి లైను గిన్నెలు కటింగ్ గీత మీద పడకుండా ఉండటానికి అది కావాలి.

అంకెలు ఫాంట్ ఫాంట్‌కీ మారతాయి. ముందుగా ఒక పేరా పోసి కొలుచుకోకుండా ఏ శాతాన్నీ నమ్మకూడదు. ఇంకో చిక్కు చట్టాలది. యూరోపియన్ యూనియన్ 2011లో చేసిన 1169 నంబరు ఆహార సమాచార నియమం తప్పనిసరి వివరాలకి కనీస సైజును x ఎత్తులోనే చెబుతుంది. మామూలు ప్యాకెట్‌కి 1.2 మి.మీ., అతి పెద్ద ముఖం 80 చదరపు సెంటీమీటర్ల లోపున్న చిన్నవాటికి 0.9 మి.మీ. అరబిక్‌లో x లేదు. ఆ కొలతని పక్కనున్న అరబిక్‌కి కూడా వర్తింపజేయాలనుకునే డిజైనర్ పన్ను ఎత్తును చూడాలి, అలిఫ్ ఎత్తును కాదు. అలిఫ్‌ను కొలిస్తే అంకె సరిపోతుంది, అక్షరం మాత్రం కనపడదు.

పోస్టర్ మీద కథ వేరు

లేబుల్ మీద బాధ మొత్తం పాఠానిది. పోస్టర్ మీద, దారి చూపే బోర్డు మీద బాధ ఒక్కో పదం ఆకారానిది. EXIT అని పెద్ద బడిలో రాస్తే అది చక్కని దీర్ఘచతురస్రం. కిందికి దిగేది లేదు, పైకి పొడుచుకొచ్చేది లేదు. అరబిక్‌లో దానికి వాడే మాట 'ఖురూజ్'. ఇంగ్లీష్‌లో లాగే నాలుగే అక్షరాలు. లెక్కలో పెరగలేదు, తగ్గలేదు. కానీ ఆ నాలుగింటిలో రా, వావ్, జీమ్ మూడూ గీత కిందికి దిగేవే. పైకి లేచే నిలువు గీత ఒక్కటీ లేదు, ఖా పైన చుక్క తప్ప. ఇంగ్లీష్ పదంతో ఒకే ఆధార గీత మీద పెడితే అరబిక్ పదం కిందికి జారిపోయినట్టుంటుంది.

పక్కనే 'లోపలికి' అనే బోర్డు ఉంటుంది. అది 'దుఖూల్', ఇదీ నాలుగక్షరాలే. చివర లామ్ ఉంది కాబట్టి పైకీ లేస్తుంది, కిందికీ దిగుతుంది. రెండు బోర్డుల్లోనూ పదాన్ని దాని అంచుల్ని బట్టి ఆటోమేటిక్‌గా మధ్యకి చేర్చితే, రెండింటి ఆధార గీతలూ వేర్వేరు ఎత్తుల్లో వస్తాయి. పక్కపక్కన తలుపుల మీద పెట్టగానే ఆ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఇక పెట్టె ఎత్తుకి సరిపోయేలా అరబిక్‌ను సాగదీస్తే, 'దుఖూల్' నడుమ భాగం చిన్నబోతుంది, 'ఖురూజ్' నడుమ భాగం పెద్దదవుతుంది. ఒకే ఫాంట్ రెండు సైజుల్లో ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకని సైజు, ఆధార గీత రెండూ అన్ని బోర్డులకీ ఒకేలా పెట్టి, ఇంగ్లీష్ పెట్టె కంటే కింద ఎక్కువ ఖాళీ వదిలి, ఆ తర్వాత కంటితో సర్దుకోవడమే దారి.

ఇంగ్లీష్ హెడ్డింగుకి డిజైనర్లు వాడే కిటుకులు కూడా ఇక్కడ పనికిరావు. పెద్ద బడి అక్షరాలతో లైన్లను ఒకదానిమీద ఒకటి ఇటుకల్లా పేర్చడం కుదరదు. చోటు నింపడానికి అక్షరాల మధ్య ఎడం పెంచితే అరబిక్ అక్షరాల మధ్య ఉన్న కలయిక తెగిపోతుంది. చోటు చాలక ఫాంట్‌ను అడ్డంగా నొక్కితే నిలువు గీతలు సన్నబడి, అడ్డ గీతలు మాత్రం అంతే లావుగా ఉండి వికారంగా తయారవుతుంది. పదాన్ని హైఫన్‌తో విరిచి కింది లైనుకి పంపే పద్ధతి అరబిక్‌లో లేదు.

అయితే ఇంగ్లీష్‌కి లేని ఒక వెసులుబాటు అరబిక్‌కి ఉంది. అక్షరాల్ని కలిపే గీతనే సాగదీయవచ్చు. దాన్ని కషీదా అంటారు. కీబోర్డు మీద దాని కోసం తత్వీల్ అనే గుర్తు కూడా ఉంది, యూనికోడ్‌లో U+0640. లేఖకులు శతాబ్దాలుగా లైను నింపడానికి ఇదే వాడారు. పొట్టి పదాన్ని పోస్టర్ వెడల్పుకి సాగదీయాలంటే ఇది చక్కగా పనిచేస్తుంది, కానీ ఎక్కడపడితే అక్కడ కాదు. తమ తర్వాతి అక్షరంతో కలవని రా, వావ్, దాల్ లాంటివాటి తర్వాత సాగదీయడానికి గీతే ఉండదు. లామ్-అలిఫ్ జంటను మధ్యలో చీల్చకూడదు. ఒకే పదంలో రెండు మూడు చోట్ల లాగితే అనుభవం లేని చెయ్యి పడిందని తెలిసిపోతుంది. సంప్రదాయ ఫాంట్లలో దీనికి వ్యతిరేకంగా పనిచేసేది ఇంకోటి ఉంది. మీమ్, హా లాంటి అక్షరాలు పక్కపక్కన కాక మెట్లలా ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. అడ్డంగా చోటు మిగులుతుంది, నిలువుగా ఖర్చవుతుంది. ఉర్దూకి వాడే నస్తాలీఖ్‌లో ఈ మెట్లెక్కడం పదమంతా సాగుతుంది కాబట్టి, అరబిక్ కోసం గీసిన పెట్టెలో ఉర్దూ కూడా పడుతుందని మాత్రం ఎవరికీ మాట ఇవ్వకండి.

చివరిగా ఒక అనుమానపు లెక్క. అరబిక్ వాక్యం ఇంగ్లీష్ కంటే అడ్డంగా సగానికి సగం పెరిగిందంటే భాషను తిట్టుకునే ముందు ఫైలును అనుమానించండి. నేను మొదట్లో ఒక లేబుల్‌కి సరిగ్గా ఇలాగే 'అరబిక్ చాలా పొడవు' అని క్లయింటుకి చెప్పేశాను. అసలు జరిగింది వేరు. నేను వాడిన సాఫ్ట్‌వేర్ సెట్టింగుకి అక్షరాల్ని కలపడం రాదు. ప్రతి అక్షరాన్నీ ఒంటరి రూపంలో, వెడల్పుగా, అదీ ఎడమ నుంచి కుడికి పేర్చేసింది. అరబిక్ ఒక్క ముక్క రాకపోయినా దీన్ని పట్టుకోవచ్చు. పదం లోపల ప్రతి అక్షరం చుట్టూ ఖాళీ కనిపిస్తుంటే, అనువాదకుడు పంపిన పీడీఎఫ్‌లో కుడి వైపున ఉన్న ఆకారం మీ పేజీలో ఎడమ వైపున ఉంటే, అది విరిగిన పాఠం. ఇన్‌డిజైన్‌లో అయితే పేరా కంపోజర్‌ను Adobe World-Ready Paragraph Composer కి మార్చగానే అక్షరాలు కలుసుకుని, లైను ఒక్కసారిగా కుదించుకుపోతుంది. ఆ తర్వాత పెట్టె పై అంచు దగ్గర చుక్కలు, కింది అంచు దగ్గర గిన్నెలు తెగాయేమో చూడండి. ఒక్క చుక్క తెగితే త కాస్తా న అవుతుంది, పదం వేరే పదమవుతుంది. నేను ఆ రోజు క్లయింటుకి మళ్ళీ ఫోన్ చేసి, పెద్ద డబ్బా అక్కర్లేదని చెప్పాల్సి వచ్చింది.